25 సెకన్ల గుంటూరు కారం

ఫోనులో తొమ్మిది ఫొటోలు ఉన్నాయి. కల్లంలో ఎర్రగా పరచిన మిరపకాయలు, తొడిమలు తీస్తున్న చేతులు, మర, పళ్ళెంలో కారం, ప్యాకెట్టు ముందు వైపు, వెనక వైపు, ఇలాంటివి. ఆన్‌లైన్‌లో కారం అమ్ముకునే ఒక చిన్న అమ్మకందారు వీటిని వరసగా పేర్చి, కింద ఒక పాట పెట్టి, వీడియో చేశారనుకుందాం. వీడియోలు కుట్టే యాప్‌లు చాలావరకు అడగకుండానే ప్రతి ఫొటోకూ ఒకే నిడివి ఇస్తాయి. మూడు సెకన్లు అనుకుంటే తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు. కల్లం ఫొటో మూడు సెకన్లు ఉంటే చూసేవాళ్ళకు విసుగు. ప్యాకెట్టు వెనకున్న చిన్న అక్షరాలు మూడు సెకన్లే ఉంటే చదవడం కుదరదు. రెండింటికీ సమానంగా సమయం ఇవ్వడంలోనే పొరపాటు ఉంది.

ఏ ఫొటో ఎంతసేపు నిలవాలో తేల్చేవి రెండు: ఆ ఫొటో మీద పలికే మాట, ఆ ఫొటోలో కన్ను వెతుక్కునే వస్తువు. మాట సంగతి ముందు చూద్దాం. దాన్ని కొలవడానికి మన దగ్గర మంచి కొలబద్ద ఉంది.

ఇంగ్లీషులో వీడియోలు చేసేవాళ్ళు నిమిషానికి ఇన్ని మాటలు అని లెక్క వేసుకుంటారు. ఆ లెక్క తెలుగుకు పనికిరాదు. ‘కాయ’ ఒక మాటే, ‘పట్టించుకోకపోయినప్పటికీ’ కూడా ఒక మాటే. సరే, అక్షరాలు లెక్కపెడదామంటే అదీ పూర్తిగా కుదరదు. ‘మిరప’లో మూడు అక్షరాలున్నాయి, ‘గుంటూరు’లోనూ మూడే. పైకి పలికి చూడండి, గుంటూరుకు ఎక్కువసేపు పడుతుంది. బడిలో ఛందస్సు నేర్పేటప్పుడు గురువు, లఘువు అని గీతలు గీయించినది సరిగ్గా ఈ తేడానే. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. మిరప మూడు లఘువులు, అంటే మూడు మాత్రలు. గుంటూరులో ‘గుం’ గురువు, ‘టూ’ గురువు, ‘రు’ లఘువు, మొత్తం ఐదు మాత్రలు. పద్యం నడకకు పెట్టుకున్న ఈ కొలత అసలు కాలానికి కొలతే. లఘువు పలకడానికి పట్టే కాలాన్నే మాత్ర అన్నారు.

మామూలు మాటల్లో గురువు ప్రతిసారీ లఘువుకు సరిగ్గా రెట్టింపు ఉండదన్నది నిజమే. వాక్యం చివర అచ్చులు సాగుతాయి, మధ్యలో కొన్ని నలుగుతాయి. అయితే ఒక వాక్యం మొత్తం మీద ఈ హెచ్చుతగ్గులు చాలావరకు ఒకదానికొకటి సరిపోతాయి. ఫొటో మార్చడానికి కావలసినంత కచ్చితత్వం ఈ లెక్కలో దొరుకుతుంది.

ఇక తెలియవలసింది మీ గొంతు వేగం. మీరు రాసుకున్న నాలుగైదు వాక్యాల్లో మాత్రలు లెక్కపెట్టి, వాటిని మామూలుగా కొనుగోలుదారుతో మాట్లాడినట్టు చదువుతూ ఫోనులో రికార్డు చేయండి. 160 మాత్రలు 20 సెకన్లలో అయితే మీ వేగం సెకనుకు 8. ఈ అధ్యాయంలో మనం ఆ వేగాన్నే ఉదాహరణగా వాడుకుందాం. మీది 7 కావచ్చు, 9 కావచ్చు. మీ అంకె వేసుకుని లెక్క మళ్ళీ కట్టుకోవాలి.

ఈ లెక్క ఒకసారి అలవాటైతే ఏ మాట ఎంత ఖరీదో తెలిసిపోతుంది. చాలా వీడియోలు ‘అందరికీ నమస్కారం, మా ఛానెల్‌కు స్వాగతం’ అని మొదలవుతాయి. అందులో 25 మాత్రలు, అంటే మూడు సెకన్లకు పైనే. 25 సెకన్ల వీడియోలో ఎనిమిదో వంతు మర్యాదలకే పోయింది, సరుకు ఇంకా కనపడలేదు. అంకెల్లో దాగిన మోసం ఇంకొకటి. కాగితం మీద ‘500 గ్రాములు’ చిన్నగానే ఉంటుంది. నోటితో ‘ఐదువందల గ్రాములు’ అనాలి, 11 మాత్రలు. ‘అరకిలో’ అంటే ఐదే. ధర 349 రూపాయలని చెప్పాలంటే ‘మూడువందల నలభైతొమ్మిది రూపాయలు’ అనాలి, 21 మాత్రలు, రెండున్నర సెకన్లు దాటుతుంది. కాబట్టి ధరను తెర మీద రాయండి, గొంతుతో చెప్పకండి. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. గుంటూరు యార్డులో ధర కదిలితే మీ ధరా కదులుతుంది. తెర మీది అంకె మార్చడం తేలిక, రికార్డు చేసిన గొంతును మార్చడం మళ్ళీ మొదటి నుంచి పని.

ఇప్పుడు మన అమ్మకందారు స్క్రిప్టు రాద్దాం. ఒక్కో ఫొటోకు ఒక్కో మాట, పక్కన మాత్రలు:

1. రాశిగా పోసిన కారం: “ఇది గుంటూరు కారం.” 11
2. కల్లం: “కల్లంలో ఎండిన కాయ,” 13
3. తాలు ఏరుతున్న చేతులు: “తాలు ఏరి, తొడిమ తీసి,” 12
4. మర: “చిన్న మరలో పట్టించాం.” 13
5. తెల్ల గుడ్డ మీద చెంచాడు కారం: “రంగు కలపలేదు, నూనె కలపలేదు.” 18
6. పచ్చడి జాడీ, పక్కన కూర: “పచ్చళ్ళకు, కూరలకు సరిపోయే ఘాటు.” 20
7. చేతిలో ప్యాకెట్టు: “అరకిలో ప్యాకెట్టు.” 10
8. ప్యాకెట్టు వెనక వైపు: “పట్టిన తేదీ వెనకాల ఉంది.” 16
9. ప్యాకెట్టు, పక్కన ధర: “కావాలంటే కింద నొక్కండి.” 16

మొత్తం 129 మాత్రలు. ఎనిమిదితో భాగిస్తే సుమారు 16 సెకన్ల మాట. వీడియో మాత్రం 16 సెకన్లు కాదు, ఎందుకంటే కంటికి దాని సమయం కావాలి.

కన్ను బొమ్మ మీద సాఫీగా జారదు. ఒకచోట ఆగుతుంది, గెంతుతుంది, మరోచోట ఆగుతుంది. సెకనుకు మూడు నాలుగుసార్లు ఇలా ఆగుతుంది. చూడడం జరిగేది ఆగినప్పుడే. బొమ్మలను వరసగా చాలా వేగంగా చూపిస్తే ఏమవుతుందో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ పాటర్ 1960ల చివరి నుంచీ పరీక్షించారు. ఫలానా బొమ్మ కోసం చూడమని ముందే చెబితే, సెకనులో ఎనిమిదో వంతు మాత్రమే కనిపించిన బొమ్మను కూడా జనం పట్టుకోగలిగారు. కానీ ఆ వేగంతో చూసిన బొమ్మల్లో ఏవి చూశారో తర్వాత అడిగితే చాలా వాటిని గుర్తుపట్టలేకపోయారు. బొమ్మ అర్థం కావడానికి రెప్పపాటు చాలు. అది మనసులో కుదురుకోవడానికి మరికొంత సమయం కావాలి. ఆ లోపే ఇంకో బొమ్మ వచ్చి పడితే మొదటిది చెరిగిపోతుంది.

మన ఫొటోలకు దీన్నిబట్టి ఒక కనీస హద్దు గీసుకోవచ్చు. ఒకే వస్తువున్న ఫొటో అయినా సెకనున్నర కన్నా తక్కువ నిలపకూడదు. ఫొటో మారగానే మాట మొదలుపెట్టకూడదు కూడా. కన్ను కొత్త ఫొటోలో ఎక్కడ ఆగాలో వెతుక్కునే మొదటి క్షణంలో మాట సగం వృథా. పావు సెకనో, అర సెకనో ఆగి పలకాలి. వాక్యం పూర్తయిన చోట ఇంకొంచెం ఊపిరి. ఇలా కలుపుకుంటే మన నిడివులు ఇవి: మొదటి ఫొటో రెండున్నర సెకన్లు, కల్లం రెండు, తాలు ఏరడం రెండు, మర రెండున్నర, తెల్ల గుడ్డ మీది కారం మూడు, పచ్చడి మూడు, చేతిలో ప్యాకెట్టు రెండు, వెనక వైపు నాలుగు, చివరిది నాలుగు. కూడితే సరిగ్గా 25.

ఎనిమిదో ఫొటోకు మాట రెండు సెకన్లే అయినా నాలుగు సెకన్లు ఇచ్చాం. అక్కడ చూసేవాళ్ళు చదవాలి. నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, ప్యాక్ చేసిన నెల, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి 14 అంకెల లైసెన్సు నంబరు అన్నీ ఆ వైపే ఉంటాయి. అన్నీ ఎవరూ చదవరు. చదవాలనుకున్నవాళ్ళు ఒక్కటైనా చదవగలగాలి. తెర మీద మీరు రాసే అక్షరాలకూ ఇదే కొలత: లోలోపల తీరిగ్గా రెండుసార్లు చదువుకునేంతసేపు నిలపాలి. ధ్వని ఆపేసి చూసేవాళ్ళు ఎందరో ఉంటారు కనుక ప్రతి ఫొటో మీదా రెండు మూడు మాటలు రాయక తప్పదు. వత్తులు కిందకు దిగే లిపి మనది. చిన్నగా రాస్తే ముందు చెదిరేవి వత్తులే, కాబట్టి అక్షరం పెద్దదిగా, వరసల మధ్య ఎడం ఎక్కువగా ఉండాలి.

ఇంతవరకూ అంతా కాగితం మీద బాగానే ఉంది. చాలామందికి లెక్క తప్పేది దీని తర్వాత. ఫొటోలు టక్కున మారడం మొరటుగా ఉందని ఒకటి కరుగుతూ ఇంకొకటి వచ్చే మార్పును పెడతారు. అర సెకను మార్పు అంటే ఆ అర సెకను రెండు ఫొటోలూ ఒకదాని మీద ఒకటి ఉంటాయి. చాలా యాప్‌లలో రెండో ఫొటో అర సెకను ముందుకు జరిగి వస్తుంది. తొమ్మిది ఫొటోల మధ్య ఎనిమిది మార్పులు, నాలుగు సెకన్లు మింగేస్తాయి. 25 సెకన్ల వీడియో 21 అవుతుంది. గొంతు మాత్రం పాత లెక్క ప్రకారమే నడుస్తూ ఉంటుంది.

ఏమవుతుందో చూడండి. మన లెక్కలో ఎనిమిదో ఫొటో 17వ సెకను దగ్గర రావాలి, మొదటి ఏడు కలిపితే అంతే. ఏడు మార్పులు మూడున్నర సెకన్లు తినేయడంతో అది పదమూడున్నర దగ్గరే వచ్చేస్తుంది. తొమ్మిదోది 21కి రావలసింది 17కే వస్తుంది. అంటే గొంతు ‘పట్టిన తేదీ వెనకాల ఉంది’ అంటున్నప్పుడు తెర మీద వెనక వైపు పోయి ధర కనిపిస్తూ ఉంటుంది. ‘కావాలంటే కింద నొక్కండి’ అనే వాక్యం మొదలయ్యే 21వ సెకనుకు వీడియో అయిపోతుంది. అసలు వినపడవలసిన వాక్యమే వినపడదు. మొదటి రెండు మూడు ఫొటోల్లో జారుడు తెలియదు కాబట్టి మొదలు చూసి బాగుందనుకునేవాళ్ళే ఎక్కువ. జారుడు పట్టుకోవాలంటే చివరి రెండు ఫొటోలు చూడాలి.

దిద్దుబాటు తేలిక. చివరిది తప్ప ప్రతి ఫొటోకూ మార్పు నిడివి అంత, ఇక్కడ అర సెకను, అదనంగా కలపాలి. మొదటిది మూడు సెకన్లు, కల్లం రెండున్నర, ఇలా. అప్పుడు ప్రతి ఫొటో రాక సమయం పాత లెక్కకు సరిపోతుంది. నా మటుకు నేనైతే కరిగే మార్పు ఒక్కచోటే, మర నుంచి తెల్ల గుడ్డ మీది కారానికి, ఉంచి మిగతావి టక్కున మార్చేస్తాను. పని చేసే వరస అక్కడ ముగిసి సరుకు మొదలవుతుంది, మార్పుకు అక్కడో అర్థం ఉంది.

కంప్యూటరు ఉన్నవాళ్ళు యాప్‌తో కుస్తీ పట్టకుండా ffmpeg అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఈ పట్టికనే ఇచ్చేయవచ్చు. list.txt అనే ఫైలులో ఫొటో పేరు, కింద దాని నిడివి ఇలా రాసుకుంటూ పోవాలి. చివరి ఫొటో పేరు రెండోసారి రాయాలి, లేకపోతే దాని నిడివి లెక్కలోకి రాకపోవచ్చు.

```
file '01.jpg'
duration 2.5
file '02.jpg'
duration 2
...
file '09.jpg'
duration 4
file '09.jpg'
```

మధ్యలో చుక్కలున్న చోట మిగిలిన ఆరు ఫొటోలూ రాయాలి. తర్వాత ఈ ఆదేశం:

```
ffmpeg -f concat -i list.txt -i voice.m4a \
 -vf "scale=1080:1920:force_original_aspect_ratio=decrease,pad=1080:1920:(ow-iw)/2:(oh-ih)/2,setsar=1,fps=30,format=yuv420p" \
 -c:v libx264 -c:a aac -t 25 video.mp4
```

ఇందులో మార్పులన్నీ టక్కున జరిగేవే. తేజ రకానికి ఒకటి, 334కు ఒకటి వీడియో కావాలంటే ఫొటోలు మార్చి ఇదే మళ్ళీ నడిపించవచ్చు.

ఆ ఆదేశంలో yuv420p అనే ముక్క ఉంది. మిరప అమ్మేవాళ్ళకు దాని సంగతి ప్రత్యేకంగా తెలియాలి. వీడియో ఫైలు బొమ్మను ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని దాచుకోదు. వెలుగు వేరుగా, రంగు వేరుగా దాస్తుంది. వెలుగును ప్రతి చుక్కకూ దాస్తుంది. రంగును మాత్రం నాలుగు చుక్కలకు కలిపి ఒక్కసారే దాస్తుంది. 1080 అడ్డం, 1920 నిలువు ఉన్న తెరలో రంగు వివరం 540, 960కే ఉంటుందన్నమాట. మనిషి కన్ను వెలుగులో తేడాలను పట్టినంత సూక్ష్మంగా రంగులో తేడాలను పట్టలేదు కనుక మామూలు దృశ్యాల్లో ఈ పొదుపు తెలియదు.

ముదురు ఎరుపులో తెలుస్తుంది. హెచ్‌డీ వీడియో లెక్కలో వెలుగులో ఎరుపు వాటా 21 శాతం, ఆకుపచ్చది 72, నీలానిది 7. అంటే అచ్చమైన ఎరుపులో వెలుగు చాలా తక్కువ, ఉన్న వివరమంతా రంగులోనే ఉంటుంది. ఆ రంగునే మనం నాలుగో వంతుకు కుదించాం. అందుకే కారం రాశి ఫోనులో ఫొటోగా చూసినప్పుడు రవ్వరవ్వగా కనపడి, వీడియో అయ్యాక ఎర్ర ముద్దలా మారుతుంది. నల్లటి నేపథ్యం మీద ఎర్రటి అక్షరాలు రాస్తే అంచులు చెరిగి వత్తులు కలిసిపోతాయి. ‘కారం’ అన్న మాటను ఎర్రగా రాయాలనే కోరిక సహజమే గాని, తెల్లగానో పసుపుపచ్చగానో రాయండి. ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే వచ్చే పసుపుకు వెలుగు వాటా 93 శాతం, అక్షరం గట్టిగా నిలబడుతుంది.

కారం ఫొటోకూ వైద్యం వెలుగులోనే ఉంది. నడినెత్తి ఎండలో తీస్తే రవ్వలకు నీడలు ఉండవు. పొద్దున్నో సాయంత్రమో పక్క నుంచి వెలుగు పడేలా తీస్తే ప్రతి రవ్వకూ ఒక నీడ పడుతుంది. నీడ అంటే వెలుగులో తేడా, దాన్ని వీడియో పొదుపు చేయకుండా దాస్తుంది. ఫోనులో ప్రకాశాన్ని కొంచెం తగ్గించి తీయండి, లేకపోతే ఎరుపు తన గరిష్ఠానికి తగిలి అక్కడితో వివరం అంతా పోతుంది. ఇంకొకటి, ఫ్రేమంతా ఎరుపే నిండితే కెమెరా అది వెలుతురు దోషమనుకుని ఎరుపును తగ్గించి నీలం వైపు లాగుతుంది. మంచి కాయ కూడా తాలు కలిసినట్టు వెలవెలబోతుంది. ఐదో ఫొటోలో కారం కింద తెల్ల నూలు గుడ్డ పరచింది అందుకే. ఫ్రేములో తెలుపు ఉంటే కెమెరాకు తెలుపేదో తెలుస్తుంది, సరుకు చేతికొచ్చాక ‘వీడియోలో వేరే రంగు ఉంది’ అనే తగాదా తగ్గుతుంది.

నూలు ప్రస్తావన వచ్చింది కనుక మంగళగిరి, చీరాల చీరలు అమ్మేవాళ్ళకు ఒక మాట. మీ కష్టం రంగులో కాదు, కదలికలో ఉంది. చీర ఫొటోను మెల్లగా దగ్గరకు జరిపే ప్రభావం పెడితే సన్నటి గళ్ళు, చారలు తెర చుక్కల వరసతో కలిసి మెరమెరలాడతాయి, చీర మీద లేని అలలు కనిపిస్తాయి. పైగా మూడు సెకన్లలో ఐదు శాతం దగ్గరకు జరగడమంటే 1080 చుక్కల వెడల్పులో ఒక్కో అంచు 27 చుక్కలు కదలడం. 90 ఫ్రేముల్లో పంచితే ఫ్రేముకు మూడో వంతు చుక్క కన్నా తక్కువ. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని పూర్తి చుక్కకు సవరించడంతో బొమ్మ రెండు మూడు ఫ్రేములు ఆగి ఒక్కసారి గెంతి, మళ్ళీ ఆగుతుంది. ఫొటోను ముందు నాలుగు రెట్లు పెద్దది చేసి, జరిపి, తర్వాత చిన్నది చేస్తే గెంతులు పోతాయి. అంత శ్రమ దేనికనుకుంటే చీరను కదపకండి. నిండు చీర ఒకటి, అంచు ఒకటి, పైట ఒకటి, మూడు ఫొటోలు నిలకడగా చూపడమే మేలు.

మళ్ళీ కారానికి వద్దాం, స్క్రిప్టులో ఇంకా రెండు ముళ్ళున్నాయి. ‘ఇది గుంటూరు కారం’ అన్నాం గాని, వీడియో పేరు కూడా అంతే పెడితే వెతికేవాళ్ళకు 2024 సంక్రాంతికి వచ్చిన సినిమా పాటలు ముందు కనపడతాయి. పేరులో కాయ రకమూ, ‘మిరప పొడి’ అనే మాటా ఉండాలి. గుంటూరు సన్నం మిరపకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తును తెర మీద వేసుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి, గుంటూరులో కొన్నంత మాత్రాన హక్కు రాదు.

రెండో ముల్లు ఐదో వాక్యం. మిరప పొడిలో రెండు శాతం వరకు వంటనూనె కలపడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి, ఆ సంగతి లేబులు మీద చెప్పాలి. మరలో పట్టేటప్పుడు దుమ్ము లేవకుండా నూనె చిలకరించే అలవాటు ఉంటే ‘నూనె కలపలేదు’ అనే తొమ్మిది మాత్రల మాట అబద్ధమవుతుంది, తీసేయండి. రంగు మాట ఇంకా పెద్దది. 2003లో యూరప్‌లో మిరప పొడిలో సూడాన్ రంగు బయటపడింది. 2005లో అదే రంగు వల్ల బ్రిటన్‌లో వందల రకాల తినుబండారాలను అంగళ్ళ నుంచి వెనక్కు తీసుకోవలసి వచ్చింది. కాయ మీ కళ్ళముందు పట్టించినదైతే ఆ వాక్యం ధైర్యంగా ఉంచండి. పొడిగా కొని ప్యాక్ చేస్తున్నారా, పరీక్ష నివేదిక చేతికి వచ్చాకే ఉంచండి.

వీడియో పూర్తయ్యాక రెండుసార్లు పరీక్షించాలి. ఒకసారి ధ్వని ఆపి చూడండి, ఏం అమ్ముతున్నారో, ఎంత బరువో, ఎంత ధరో తెర ఒక్కటే చెప్పగలగాలి. ఇంకోసారి తెర బోర్లా పెట్టి వినండి, ఎక్కడైనా రెండు సెకన్ల నిశ్శబ్దం వస్తే అక్కడ ఫొటో ఎందుకు ఆగిందో మీకు కారణం తెలిసి ఉండాలి. మన వీడియోలో అలాంటి చోటు ఒక్కటే, ఎనిమిదో ఫొటో దగ్గర లేబులు చదువుకోవడానికి ఇచ్చిన సమయం.

కల్లం ఫొటోలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా తప్ప దొరకవు, అప్పుడే తీసి దాచుకోండి. మిగతా ఏడాది మీరు పట్టించేది ఏసీ సరుకే అయినా అది ఆ కల్లంలో ఎండిన కాయే కావాలి. కొత్తగా మర పట్టించిన ప్రతిసారీ ఎనిమిదో ఫొటో మార్చి వీడియో మళ్ళీ కట్టండి. పాత తేదీ ఉన్న వీడియోను వెంటనే తీసేయండి.